నలభై ఒకటో నిమిషంలో దాక్కున్న జవాబు

అందరికీ నమస్కారం. కావలి దాకా వచ్చి వీడియో కింద రాసే వివరణ, చాప్టర్ల గురించి మాట్లాడమంటే, ముందు రొయ్యల గుంట గట్టు మీదికే పోవాలి నేను.

మా మిత్రుడొకాయన అల్లూరు వైపు వనామీ సాగు చేస్తాడు. గంటా పన్నెండు నిమిషాల పాఠం ఒకటి యూట్యూబ్‌లో పెట్టాడు. సరుకున్న పాఠం. కానీ వివరణలో మొదటి వాక్యం ఏందంటే, "మా ఛానల్‌కు స్వాగతం, లైక్ చేయండి, షేర్ చేయండి". కంప్యూటర్లో వీడియో కింద మిగతాది విప్పకముందు కనపడేది ఆ ముక్కే. తెల్లారుజామున నాలుగింటికి రొయ్యలు పైకి తేలి, గుండె జారిపోయిన రైతుకు ఆ స్వాగతం ఎందుకు?

రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రొయ్యలు పైకి తేలతాయి. దీని గురించి ఆయన చక్కగా చెప్పాడు, కాకపోతే 41వ నిమిషంలో. అక్కడిదాకా ఎవరు కూర్చుంటారు?

ఇద్దరం కూర్చుని వివరణ ఇట్లా మార్చాం:

```
తెల్లారుజామున రొయ్యలు పైకి తేలితే ఏం చేయాలి? వనామీ గుంటలో ఆక్సిజన్, పీహెచ్, మేత.

00:00 ఈ పాఠంలో ఏముంది
03:10 నీళ్ల పీహెచ్ చూడటం
22:45 చెక్ ట్రేలో మేత మిగిలితే
41:30 రొయ్యలు పైకి తేలితే
1:02:15 రైతుల ప్రశ్నలు
```

41:30 పక్కన ఆయన మొదట "డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ యాజమాన్యం" అని రాశాడు. పుస్తకంలో బాగుంటుంది. ఫోన్‌లో రైతు కొట్టేది మాత్రం "రొయ్యలు పైకి తేలుతున్నాయి" అనే. సమయం పక్కన రాసేదే చాప్టర్ పేరు, అది వెతికేవాడి నోటి మాటలో ఉండాలి.

ఇంకో తప్పు కూడా దొర్లింది. నమస్కారాలు అయ్యాక పాఠం మొదలవుతుందని మొదటి సమయం 00:45 వేశాడు. అంకెలు లింకులైనాయి గానీ, వీడియో కింది గీత ముక్కలుగా విడిపోలేదు. విడిపోతేనే చాప్టర్లు పడినట్టు. మొదటిది 00:00 అయి తీరాలి. కనీసం మూడు ఉండాలి, వరసగా పెరగాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు.

"అందరూ దూకిపోతే చూసే సమయం తగ్గదా అన్నా?" అని అడిగాడు. తగ్గొచ్చు కూడా. నా మట్టుకు, దూకనీయకపోతే చూసేవాడు అసలుకే వెళ్లిపోతాడనిపిస్తుంది. యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు నిలిచిన గ్రాఫ్ చూడండి. నడిమధ్యలో ఎక్కడైనా గుట్టలాగా లేస్తే జనం అక్కడికే వచ్చి చూస్తున్నారని అర్థం. యూట్యూబ్ వెతుకులాటలో ఏ మాటలతో వచ్చారో కూడా అక్కడే ఉంటుంది. మొదటి వాక్యాన్ని వాటిని బట్టి మళ్లీ దిద్దుకోవచ్చు. అయితే గూగుల్ ఫలితాల్లో మీ చాప్టర్లు చూపించాలా వద్దా అన్నది గూగుల్ ఇష్టం. మన చేతుల్లో లేదు.

తర్వాత మావాడికి ఆ నమస్కారాల మీదే విసుగొచ్చి, స్టూడియోలోనే మొదటి 45 సెకన్లు కత్తిరించేశాడు. వివరణలో అంకెలు వాటంతటవి మారవు కదా! 41:30 నొక్కితే మాట సగం నుంచి వినపడేది. ఒక్క 00:00 వదిలేసి మిగతావన్నీ కూర్చుని దిద్దాం. రొయ్యలు ఇప్పుడు 40:45కి తేలుతున్నాయి.