ఒక వంటిల్లు, ఇద్దరు తోడికోడళ్లు: పని పంపకం ఎక్కడ చెడుతుంది?

అందరికీ నమస్కారం.

తోడికోడళ్ల మధ్య పొరపొచ్చాలకు స్వభావాలే కారణమని తేల్చేస్తాం. నా లెక్కలో ముందు చూడాల్సింది పని పంచుకున్న తీరు.

చాలా ఇళ్లలో పెద్దకోడలు పొయ్యి దగ్గర ఉంటుంది, చిన్నకోడలు పైపని చూస్తుంది. వండినామే వడ్డిస్తుంది కాబట్టి "కూర బాగుంది" అన్న మాట ఆమెకే చేరుతుంది. పప్పు నానబెట్టడం, కూరగాయలు తరగడం, పొయ్యిగట్టు తుడవడం జరిగినన్నాళ్లూ ఎవరికీ కనపడవు. జరగని రోజున మాత్రం అందరికీ కనపడతాయి. అలా ఒకరికి మెప్పు, ఇంకొకరికి మాట మిగులుతాయి.

అందుకని పనిని పనిగా కాక పూటగా పంచుకోండి. ఆ పూట నానబెట్టడం నుంచి గట్టు తుడిచేదాకా అంతా ఒకరిదే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. పెద్దకోడలు ఇంట్లో ఉంటుంది, చిన్నకోడలు ఉద్యోగానికి వెళ్తుంది. ఉదయం టిఫిన్, క్యారేజీలు, మధ్యాహ్నం వంట కలిపి పెద్దామెకు రెండున్నర గంటలు. రాత్రి వంట గంటలో అయిపోతుంది కాబట్టి చిన్నామెది తేలిక అనిపిస్తుంది. కానీ గిన్నెలు తోమి సర్దడం, మర్నాటికి నానబెట్టడం, పిండి రుబ్బడం కలిపితే ఇంకో గంటంబావు. ఒక వారం ఇద్దరూ కాగితం మీద రాసుకుంటే తేడా పావుగంటే అని తేలుతుంది. రాయకపోతే ఎవరి పని వారికే ఎక్కువగా తోస్తుంది.

శని, ఆదివారాలు పూటలు మార్చుకోవాలి. లేకపోతే ఇంటిల్లిపాదీ కూర్చుని తినే మధ్యాహ్నం భోజనంలో చిన్నకోడలి చేతివంట ఎప్పటికీ ఉండదు.

గొడవ ఎక్కువగా మొదలయ్యేది పూట చేతులు మారే దగ్గర. సింకులో మిగిలిన గిన్నెలు, అయిపోయిన పోపుగింజల డబ్బా. సింకు ఖాళీ చేసి, అయిపోయిన సరుకు చీటీ మీద రాశాకే ఆ పూట ముగిసినట్టు. అడగకుండా ఇంకొకరి కూరలో ఉప్పు వేయకూడదు. రుచి కుదిరినా మనసు విరుగుతుంది.

మెప్పు విషయంలో ఒక చిన్న మార్పు బాగా పనిచేస్తుంది. ఒకరు వండితే ఇంకొకరు వడ్డించాలి. "ఈ పులుసు అక్క పెట్టింది" అని వడ్డించేవారి నోట వస్తే, దానికి అత్తగారి మెప్పుకన్నా బరువుంటుంది. అత్తగారు కూడా ఏం వండాలో ఆ పూట ఎవరిదో వారికే నేరుగా చెప్పాలి. ఒక కోడలితో ఇంకో కోడలికి కబురంపితే, ఆ కబురు ఆజ్ఞలా వినపడుతుంది.

నగలు, డబ్బు, మనవల దగ్గర అత్తగారు పక్షపాతం చూపిస్తుంటే వంటింటి పంపకం దాన్ని తీర్చలేదు. ఆ మాట కొడుకులే తల్లితో మాట్లాడాలి.

ఒకరు తోమిన గిన్నెను ఇంకొకరు మాటాపలుకూ లేకుండా మళ్లీ తోముతున్నారంటే లోపల ఏదో ముదురుతోందని గుర్తు. ఆ రోజే, ఆ గిన్నె గురించే అడగండి. పాత లెక్కలు అప్పుడు తీయకండి.