మీటింగ్‌కి నలభై నిమిషాలు, చేతిలో ఫోన్ ఒక్కటే: పీపీటీలో ఏం మార్చాలి, ఏం వదిలేయాలి

[కెమెరా వైపు చూస్తూ]

పదకొండింటికి క్లయింట్ మీటింగ్ ఉంది, పది ఇరవైకి మీరు మెట్రోలో ఉన్నారు, మేనేజర్ ఫోన్ చేసి "తొమ్మిదో స్లైడ్‌లో ఈ ఏడాది అమ్మకాలు 4.2 కోట్లని పడింది, అది 3.8, అకౌంట్స్ వాళ్లు ఇప్పుడే చెప్పారు, కొంచెం మార్చెయ్" అన్నారనుకోండి. ఆ ఫైల్ మీకు వాట్సాప్‌లో వచ్చింది, ల్యాప్‌టాప్ ఇంట్లో ఉండిపోయింది, ప్రెజెంటేషన్ ఏమో క్లయింట్ వాళ్ల కాన్ఫరెన్స్ రూమ్ సిస్టమ్‌లో వేస్తారు.

ముందు ఒక ఫోన్ చేయండి. ఆఫీసులో ఎవరైనా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే ఈ పని వాళ్లకే ఇచ్చేయండి, పది నిమిషాల్లో శుభ్రంగా అయిపోతుంది. ఎవరూ దొరకలేదు, మీరే చేయాలి అన్నప్పుడు ఇక ఈ వీడియో.

[స్క్రీన్ రికార్డింగ్: వాట్సాప్‌లో ఫైల్, పవర్‌పాయింట్ యాప్‌లో తెరుచుకోవడం]

వాట్సాప్‌లోంచి నొక్కి నేరుగా తెరిస్తే చాలాసార్లు పైన Read-Only అని కనిపిస్తుంది. కనిపించకపోయినా సరే, మొదట దాన్ని ఫోన్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో వేరే కాపీగా సేవ్ చేయండి, Save As అనో Save a Copy అనో ఉంటుంది. పేరులో టైమ్ పెట్టండి, Sales_Review_1025 అన్నట్టు. ఇది చేయకుండా మార్పులు మొదలుపెడితే, మీరు దిద్దింది ఒక కాపీలో ఉండి, వాట్సాప్‌లో మళ్లీ పంపింది పాత ఫైలే అయ్యే ప్రమాదం ఉంది. హడావిడిలో జరిగే పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైనది ఇదే, ఎందుకంటే స్క్రీన్ మీద పాత అంకె కనిపించే దాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు పని. మేనేజర్ చెప్పింది తొమ్మిదో స్లైడ్ గురించే, కానీ 4.2 అన్న అంకె డెక్‌లో ఒక్క చోటే ఉండదు కదా. రెండో స్లైడ్‌లో సారాంశంలో ఉంటుంది, ఇంకో చోట 420 లక్షలు అని రాసి ఉండొచ్చు, నోట్స్‌లో ఉండొచ్చు. యాప్‌లో వెతికే గుర్తు ఉంటుంది, భూతద్దం బొమ్మ, దాంట్లో 4.2 ఒకసారి, 420 ఒకసారి వెతకండి. కాకపోతే ఫొటోగా అతికించిన టేబుల్‌లో ఉన్నది సెర్చ్‌కి దొరకదు, చార్ట్ మీద ఉన్న అంకెల విషయంలోనూ దాన్ని నమ్మొద్దు. అందుకే ఒక్కసారైనా అన్ని స్లైడ్లూ కంటితో చూడాల్సిందే.

ఆ అంకె నుంచి పుట్టిన అంకెలు ఇంకా ముఖ్యం. పోయిన ఏడాది 3.2 కోట్లు అనుకోండి. 4.2 ఉన్నప్పుడు పెరుగుదల 31 శాతం అని రాశారు. 3.8 అయితే అది దాదాపు 19 శాతమే. 3.8 మార్చి 31 శాతాన్ని అలాగే వదిలేస్తే, ఎదురుగా కూర్చున్నవాళ్లలో లెక్కలు చూసే మనిషి ఒక్కరున్నా అక్కడే ఆపేస్తారు. ఇంకా చూడండి, ఎక్కడో "మూడో వంతు దాకా పెరిగాం" అని మాటల్లో కూడా ఉండొచ్చు, అది అంకెతో వెతికితే దొరకదు. 19 శాతానికి ఆ మాట చెల్లదు, కాబట్టి ఆ వాక్యం కూడా మారాలి.

[స్క్రీన్ రికార్డింగ్: చార్ట్ మీద నొక్కడం]

ఇక చార్ట్. ఇక్కడే అందరూ తప్పు దారి పడతారు. ల్యాప్‌టాప్‌లో అయితే Edit Data నొక్కితే వెనకున్న షీట్ తెరుచుకుంటుంది, అంకె మారిస్తే స్తంభం దానంతటదే తగ్గుతుంది. ఫోన్ యాప్‌లో ఆ పని మీద ఆశ పెట్టుకోకండి. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, 4.2 మీద ఒక తెల్లటి డబ్బా పెట్టి దాని మీద 3.8 అని టైప్ చేస్తారు. దయచేసి ఇది చేయకండి. స్తంభం ఎత్తు 4.2 దగ్గరే ఉంటుంది, పక్కన స్కేల్ ఉంటే తేడా తెలిసిపోతుంది, పైగా మీటింగ్ అయ్యాక ఆ ఫైల్ క్లయింట్ అడిగి తీసుకుంటే డబ్బా జరపగానే పాత అంకె బయటపడుతుంది, అప్పుడు అది పొరపాటులా కాదు, దాచినట్టు కనిపిస్తుంది.

దానికి బదులు ఇలా చేయండి. తొమ్మిదో స్లైడ్‌ని Duplicate చేయండి, కాపీలోంచి చార్ట్ తీసేసి మూడు లైన్లు పెద్ద అక్షరాలతో రాయండి: పోయిన ఏడాది 3.2 కోట్లు, ఈ ఏడాది 3.8 కోట్లు, పెరుగుదల 19 శాతం. పాత స్లైడ్‌ని డిలీట్ చేయకుండా Hide చేయండి, ఎందుకంటే ఆ చార్ట్ సాయంత్రం మళ్లీ కావాలి. స్లైడ్ షోలో అది రాదు, కానీ ఫైల్‌లో ఉంటుంది. అందుకే ఈ ఫైల్ ప్రెజెంట్ చేయడానికే, క్లయింట్‌కి ఇవ్వడానికి కాదు.

[కెమెరా వైపు]

ఇప్పుడు మీ కంటికి వేరేవి కూడా కనబడతాయి. ఒక హెడ్డింగ్ రెండో లైన్‌కి జారిపోయింది, ఒక పేరా డబ్బా దాటి కిందికి వచ్చింది. వెంటనే సైజు తగ్గించాలనిపిస్తుంది. ఆగండి. డెక్‌లో వాడిన ఫాంట్ మీ ఫోన్‌లో లేకపోతే యాప్ ఇంకో ఫాంట్ వేసి చూపిస్తుంది, దాని అక్షరాల వెడల్పు వేరు, అందుకే లైన్లు జారతాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో అవి సరిగ్గానే ఉంటాయి, మీరు ఇక్కడ సర్దింది అక్కడ వంకరగా కనిపిస్తుంది. తెలుగు డెక్‌లలో ఇది ఇంకా ఎక్కువ. అను ఫాంట్లలో టైప్ చేసిన స్లైడ్ ఫోన్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ పాడైందని టెన్షన్ పడి చెరిపేయకండి, ఆ ఫాంట్ ఫోన్‌లో లేదంతే. కానీ క్లయింట్ సిస్టమ్‌లోనూ ఉండకపోవచ్చు కాబట్టి, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ నుంచి ఒక పీడీఎఫ్ తెప్పించుకోవడం మేలు.

కింద మూలలో పాత క్లయింట్ పేరో పాత లోగోనో ఉండి, ఎంత నొక్కినా సెలెక్ట్ కావట్లేదంటే అది స్లైడ్ మాస్టర్‌లో, అంటే స్లైడ్లన్నిటి వెనకా ఉండే మూసలో, ఉందన్నమాట. అది ల్యాప్‌టాప్ పని. రంగులు, వరసలు, యానిమేషన్లు, ఎక్సెల్‌కి లింక్ అయిన టేబుళ్లు, అన్నీ తర్వాతే. అయితే పాత క్లయింట్ పేరు విషయం మాత్రం మీటింగ్‌కి ముందే మేనేజర్‌కి చెప్పండి, అది కనిపించకూడనిది, ఏం చేయాలో ఆయన నిర్ణయించుకుంటారు.

పది నలభై ఐదుకి చేయి తీసేయండి. మిగిలిన టైమ్ చూసుకోవడానికి. ఫైల్ మూసేసి మళ్లీ తెరిచి, స్లైడ్ షో పెట్టి మొదటి నుంచి చివరి దాకా తిప్పండి. ఫోన్‌లో జూమ్ చేస్తుంటే వేలు తగిలి డబ్బాలు పక్కకి జరుగుతుంటాయి, కీబోర్డ్ మనుషుల పేర్లని తనకి తోచినట్టు మార్చేస్తుంది, ఈ రెండూ ఇప్పుడే పట్టుబడతాయి. తర్వాత ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపి, ఫైల్ పేరు మెసేజ్‌లో రాసి, "రెండో స్లైడ్ తెరిచి 3.8 కనిపిస్తోందో లేదో చెప్పండి" అని అవతలి వాళ్లని అడగండి. పీడీఎఫ్ కూడా పంపుతుంటే, దాచిన స్లైడ్ అందులోకి వచ్చిందేమో తెరిచి చూశాకే పంపండి.

[స్క్రీన్ మీద: ఫోన్ నోట్స్‌లో చిన్న జాబితా]

మెట్రో దిగే ముందు ఏ స్లైడ్‌లో ఏం మార్చారో ఫోన్‌లో రాసుకోండి: 2లో అంకె, శాతం, 5లో వాక్యం, 9 దాచాను, పక్కన కొత్తది. సాయంత్రం ల్యాప్‌టాప్ దగ్గర ఆఫీసులో ఉన్న అసలు ఫైల్ తెరిచి, ఈ మార్పులన్నీ దాంట్లో చేయండి, Edit Data లో 3.8 పెట్టి చార్ట్ సరిచేయండి, మాస్టర్‌లో పాత పేరు తీసేయండి. అసలు ఫైల్‌లో ఆ మూడు లైన్ల తాత్కాలిక స్లైడ్ అక్కర్లేదు. క్లయింట్‌కి పంపాల్సింది ఆ ఫైలే.