‘కడిగి కోసిన పీతలు’ ప్యాక్ రివ్యూ: మొప్పలు తీయకుండా శుభ్రం ఎలా అవుతుంది?

నమస్తే అండి, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు టేబుల్ మీద ఉన్నది ‘కడిగి, కోసి, వండడానికి సిద్ధం’ అని రాసి ఉన్న మండపీతల ప్యాక్. వాళ్ళు ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. కంపెనీ పేరు చెప్పను. బరువు, ధర, ఎంతసేపట్లో వస్తుంది అనేవి యాప్‌లో మీరు చూసే ఉంటారు. నేను చూసేది ఒక్కటే, ఇది నిజంగా శుభ్రం చేసిన పీతేనా అని. పోల్చడానికి రంభ వైపు నుంచి వచ్చిన చిలికా పీతలు, ప్రాణంతో ఉన్నవి, కిలోకి మూడు తూగినవి పక్కన పెట్టాను.

ముందు ప్యాక్ విప్పుదాం. ఈ ముక్క చూడండి. పై చిప్ప తీశారు, సగానికి కోశారు, బాగుంది. ఇప్పుడు పక్కకి తిప్పుతున్నాను. కాళ్ళు ఒంటికి అతుక్కున్న చోట, పైన వాలి ఉన్న ఈ బూడిదరంగు ఈకల్లాంటివి కనిపిస్తున్నాయా? ఇవే మొప్పలు. పీత వీటితోనే ఊపిరి తీసుకుంటుంది, నీళ్ళన్నీ వీటిగుండానే పోతాయి. బురదలో బతికే మండపీత కదా, ఆ మట్టీ మురికీ ఇక్కడే చిక్కుకుంటాయి. విషం అని కొందరు భయపడతారు, అది కాదు. కానీ స్పాంజిలా ఉంటాయి, రుచి లేదు, పులుసులో ఉడికితే మట్టివాసన దింపుతాయి. ఎనిమిది ముక్కల్లో ఐదింటికి మొప్పలు అలాగే ఉన్నాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పీత శుభ్రం చేయడం అంటే ముఖ్యమైన పనే ఇది, దాన్నే వదిలేశారు.

సరైన పద్ధతి ఈ బతికున్న పీత మీద చూపిస్తాను. ఐసు ముక్కలు వేసిన నీళ్ళలో అరగంట ఉంచాను. కాళ్ళు కదలడం ఆగాక బయటికి తీశాను. నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే పెనుగులాడి కాళ్ళు తనే వదిలేస్తుంది, ఆ కీళ్ళలోంచి నీళ్ళు లోపలికి పోయి కండ చప్పబడుతుంది. పెద్ద కాళ్ళకు కట్టిన తాడు ఇంకా విప్పలేదు, ఆఖర్న విప్పాలి. చిప్ప మూసి ఉండగానే బ్రష్‌తో బాగా రుద్దండి. తెరిచాక కుళాయి కింద పట్టి కడిగితే రుచంతా సింకులోకి పోతుంది.

వెల్లకిలా తిప్పండి. పొట్ట మీద మడిచిపెట్టిన రేకు ఉంటుంది, మగదానికి సన్నగా కోణంగా, ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా. దాన్ని లేపి, మెలితిప్పి లాగేయండి. దాని లోపలినుంచి పోయే నల్లటి సన్న దారం పేగు, అదీ రావాలి. రేకు ఊడిన చోట బొటనవేలు దూర్చి చిప్పను పైకి లేపితే ఒక్క ఊపులో వచ్చేస్తుంది. ఇప్పుడు మొప్పలు, రెండు పక్కలా, మొదలు దగ్గర పట్టుకుని ఒక్కొక్కటీ లాగండి. తర్వాత కళ్ళ వెనక, నోటి దగ్గర చిప్పకు అంటుకుని చిన్న సంచి ఉంటుంది. అది కడుపు. లోపల ఇసుక, గట్టి పళ్ళు ఉంటాయి. పగిలితే ఆ ఇసుక కూరంతా పాకుతుంది, అందుకే నోరు, కళ్ళతో సహా కత్తిరించి పారేయండి.

మిగిలింది పసుపు ముద్ద. ఇది పీతకు ఆహారం అరిగించే గ్రంథి. రుచి దీంట్లోనే ఉందని చాలామంది చిప్పలోనే వేయించుకుంటారు. తాజా పీతదైతే కొంచెం తినొచ్చు. కానీ నీటిలోని లోహాలు చేరేది కూడా ఇక్కడే, కాబట్టి గర్భిణులకీ చిన్నపిల్లలకీ పెట్టకండి. ఆడపీతలో నారింజరంగు ముద్ద కనిపిస్తే అది జన, దాన్ని ఉంచుకోండి. అన్నీ తీశాక తూచాను. కిలో పీతలకు 680 గ్రాములు మిగిలింది.

ఇప్పుడు వంట. రెండు గిన్నెల్లో ఒకే మసాలా: మూడు చెంచాల నూనె, రెండు ఉల్లిపాయలు, ఒక చెంచా అల్లంవెల్లుల్లి, ఒక చెంచా ఆవముద్ద, కారం, పసుపు, ఉప్పు, గ్లాసు నీళ్ళు. పెద్ద కాళ్ళను పొత్రంతో ఒక్కటే దెబ్బ వేసి చీలిక తెప్పించాను, లేకపోతే వేడి లోపలికి ఆలస్యంగా పోతుంది. పోయినసారి రివ్యూ చేసిన స్టీలు క్రాకర్ కంటే పొత్రమే నయం. ఆ క్రాకర్‌తో చిప్ప పొడిపొడి అయ్యి కండలో గుచ్చుకునేది.

టైము లెక్క నీళ్ళు మళ్ళీ మరగడం మొదలయ్యాకే. మూత పెట్టండి. మూడు నిమిషాలకే చిప్ప ఎర్రబడింది, చూడండి. చాలామంది ఇక్కడే దించేస్తారు. ఆ ఎరుపు చిప్పలో ముందునుంచీ ఉన్నదే, ఒక ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచడంవల్ల పచ్చగా నీలంగా కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు వదలగానే రంగు బయటపడుతుంది. లోపలి కండ అప్పటికి ఉడకదు. రంగు చూసి నమ్మొద్దు.

మరి ఎక్కడ చూడాలి? అన్నిటికంటే వెనకున్న తెడ్డులాంటి కాలు ఒంటికి కలిసేచోట. ఆ గదిలోనే కండ అన్నిటికంటే మందం. ఎనిమిది నిమిషాలకు ఆ కాలు పట్టి లాగాను. కండ గాజులా, జిగటగా, చిప్పకు అంటుకుని ఉంది. పచ్చి అన్నమాట. పన్నెండు నిమిషాలకు ఇంకో ముక్క లాగాను. తెల్లగా, ముద్దగా, చిప్పను వదిలి కాలుతోపాటే వచ్చింది. అయిపోయింది. ఇంకో మూడు నిమిషాలు కాళ్ళ కోసం ఉంచొచ్చు. ఇరవై దాటితే దారాలు దారాలుగా ఎండిపోతుంది.

ఇప్పుడు ప్యాక్ గిన్నె. పన్నెండు నిమిషాలకు కండ తెల్లబడింది, కానీ వేలితో నొక్కితే పిండిలా నలిగింది. పచ్చిదేమో అని ఇంకో నాలుగు నిమిషాలు ఉంచాను. గట్టిపడలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి: ఉడకని కండ గాజులా ఉంటుంది, ఇంకొంచెం ఉడికితే గట్టిపడుతుంది. పాడైన కండ తెల్లగానే ఉంటుంది, ఎంత ఉడికినా పిండిలాగే ఉంటుంది. ఎందుకంటే పీత చచ్చాక ఆ పసుపు గ్రంథిలోని రసాలు పక్కనున్న కండనే అరిగించడం మొదలుపెడతాయి. చచ్చిన చాలాసేపటికి కోసినా, కోసి ఆ ముద్ద తీయకుండానే ప్యాక్ చేసినా ఇదే జరుగుతుంది. మసాలాతో దాన్ని కప్పలేం.

కాబట్టి నా మాట: ఈ ప్యాక్ కొనకండి. డబ్బా బాగుంది, ఐసు బాగా వేశారు, కోత కూడా నీటుగా ఉంది. కానీ పీత ఎప్పుడు చచ్చిందో డబ్బా మీద లేదు, మొప్పలు లోపలే ఉన్నాయి. బజారులో కళ్ళు ముట్టుకుంటే కదిలించే పీతను, చేతిలో బరువుగా తూగేదాన్ని తీసుకోండి. అడుగు చిప్ప నొక్కితే లోపలికి పోతే అది ఈమధ్యే చిప్ప మార్చుకున్నది, లోపల నీళ్ళే ఉంటాయి, వదిలేయండి. ఇచ్ఛాపురం సంతైనా ఇక్కడి మార్కెట్టైనా చూసే తీరు ఒక్కటే. ఇప్పటికే ఈ ప్యాక్ తెప్పించుకున్నవాళ్ళు వండేముందు ముక్క తిప్పి మొప్పలు లాగేయండి. అమ్మోనియా వాసన తగిలితే మాత్రం కడగకండి, వండకండి, డబ్బాతో సహా పారేయండి.