గుప్పిట బిగించిన మనిషి: ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ చదివేటప్పుడు

అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క టారో కార్డు గురించే మాట్లాడతాను. మీ దగ్గర డెక్ ఉంటే ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ తీసి ఎదురుగా పెట్టుకోండి. నేను చెప్పేదంతా 1909లో లండన్‌లో వెలువడిన రైడర్ డెక్‌లోని బొమ్మ గురించి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ సూచనలతో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మ అది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న డెక్‌లలో చాలావాటికి తల్లివేరు ఆ డెక్కే.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. రీడింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఒకాయన వచ్చి, దాచుకున్న డబ్బు గురించి అడిగారు. మధ్యలో ఈ కార్డు పడింది. నేను చూసీ చూడగానే, "మీరు డబ్బు విషయంలో మరీ బిగపట్టుకుపోతున్నారు, కాస్త వదలాలి" అనేశాను. ఆయన తల ఊపి, లేచి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ మాట ఆయనకి ఇంట్లో వాళ్లు పదేళ్లుగా చెబుతూనే ఉండి ఉంటారు. ఎంగిలి చేత్తో కాకిని తోలడని వెనకాల అనుకునేవాళ్లూ ఉండే ఉంటారు. అదే మాట ఇంకోసారి వినిపించడానికి కార్డులు ఎందుకు?

అప్పటి నుంచి ఈ కార్డు పడితే అర్థం చెప్పను. ముందు బొమ్మ చూపిస్తాను.

బొమ్మలో మనిషి రాతి పీట మీద కూర్చున్నాడు. నెత్తిన కిరీటం, దాని మీద ఒక నాణెం. ఇంకో నాణేన్ని రెండు చేతులతో గుండెలకి హత్తుకున్నాడు. మిగిలిన రెండూ ఒక్కో పాదం కింద ఒక్కోటి. వెనకాల ఊరుంది, బురుజులున్నాయి. ఊరికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు ఒక్క నిమిషం మీరే అలా కూర్చుని చూడండి, మొహమాటం వద్దు. తల వంచితే నెత్తిమీది నాణెం జారిపోతుంది. చేతులు విప్పితే గుండె మీదిది పోతుంది. లేచి నిలబడితే కాళ్ల కిందవి వదిలి కదలాలి. అంటే ఈ మనిషి ఎవరికీ నమస్కారం పెట్టలేడు, ఎవరి చెయ్యీ పట్టుకోలేడు, నాలుగడుగులు వేయలేడు. అతని దగ్గర ఉన్నవన్నీ అతన్నే కాపలాకి కూర్చోబెట్టాయి. ఇంకో సంగతి చూడండి. బొమ్మలో దొంగ లేడు. లాక్కునేవాడు ఎవరూ లేరు.

పొదుపు చేసినవాళ్లకి ఇదంతా వివరించక్కర్లేదు. బొమ్మ చూస్తూనే వాళ్ల ఒళ్లు గుర్తుపడుతుంది.

ఈ కార్డుని చాలామంది పిసినారి కార్డు అంటారు. అది సగం నిజం. వెయిట్ దీనికి రాసిన అర్థాలు చూస్తే, ఆస్తి భద్రంగా ఉండటం, ఉన్నదాన్ని పట్టుకుని ఉండటం, కానుక, వారసత్వం అని ఉంటాయి. అందులో తిట్టేమీ లేదు. గోల్డెన్ డాన్ అనే రహస్య విద్యల సంఘం ఈ కార్డుకి భూసంబంధమైన శక్తికి అధిపతి అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. మకరంలో సూర్యుణ్ణి దీనికి ఇచ్చింది. ఫ్రీడా హారిస్ గీసిన థోత్ డెక్‌లో ఇదే కార్డు ఒక కోటలా కనిపిస్తుంది, నాలుగు మూలలా నాలుగు బురుజులు. కోట కట్టుకోవడం తెలివితక్కువ పని కాదు కదా. బయటికి వెళ్లే తలుపు ఎప్పుడైనా తెరుస్తున్నారా అనేదే నేను చూసేది.

వెయిట్ ఇచ్చిన అర్థాల్లో వారసత్వం అనే మాటని మనం తరచూ దాటేస్తాం. ఎవరో రాసిచ్చిన ఆస్తి వస్తుందేమో అని చెప్పి ఊరుకుంటాం. నాకు మాత్రం అది వేరే తలుపు తీసింది. ఆస్తిలాగే భయం కూడా వారసత్వంగా వస్తుంది. ఖర్చు చేయాలంటే వణుకుతున్న చెయ్యి అసలు ఎవరిది? మీ ముందు కూర్చున్న మనిషిదా, వాళ్ల అమ్మదా, నాన్నదా? ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక నా రీడింగులు మారాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

యాభై దాటిన ఒకావిడ వచ్చారు. ఏడాదిన్నరగా ఒకవైపు పన్ను నొప్పి, రెండోవైపే నములుతున్నారు. రూట్ కెనాల్ చేయించుకోమని డాక్టరు చెప్పారు. "ఇప్పుడు చేయించుకోనా, ఇంకో ఏడాది ఆగనా అండీ?" ఇదీ ఆవిడ ప్రశ్న. డబ్బు లేదా అంటే, ఉంది. జీతం ఆగిపోయినా నాలుగేళ్లు ఇల్లు గడిచేంత ఉంది. ఆ చికిత్స ఖర్చు ఒక నెల ఇంటిఖర్చు కంటే తక్కువే. "ఉందండీ, తీయబుద్ధి కావట్లేదు," అన్నారు.

మూడు కార్డులు తీశాను. ఎడమవైపు సిక్స్ ఆఫ్ కప్స్, మధ్యలో ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, కుడివైపు ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్.

నేను మధ్య కార్డు గురించి ఏమీ అనలేదు. "ఈ నాలుగు నాణేల్లో మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?" అని మాత్రం అడిగాను. తలమీది నాణెం అన్నవాళ్లు లెక్కల్లో బతుకుతారు, రాత్రి నిద్రలో కూడా కూడికలే. గుండె మీదిది అన్నవాళ్లకి డబ్బు ఓ తోడు, మనుషుల కంటే నమ్మకమైనది. ఈ రెండూ నా అనుభవంలో తేలినవే, ఏ పుస్తకంలోనూ లేవు, కాబట్టి జాగ్రత్తగా వాడండి. ఆవిడ కాళ్లవైపు చూపించారు. "ఇతను లేవాలంటే ముందు కాళ్లు తీయాలి కదండీ," అన్నారు.

తర్వాత ఎడమ కార్డు. సిక్స్ ఆఫ్ కప్స్‌లో ఒక పెద్ద పిల్లాడు చిన్న పిల్లకి పూలున్న కప్పు ఇస్తుంటాడు. సాధారణంగా చిన్ననాటి తీపి జ్ఞాపకం అని చదువుతాం. పక్కనే ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ ఉంది కాబట్టి నేను తీపి అనకుండా, "చిన్నప్పుడు ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉండేది?" అని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్న వ్యాపారం ఒక్కసారిగా మునిగిందట, ఆవిడకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత అమ్మ ఒక రేకు డబ్బాలో చిల్లర దాచేది, రాత్రి అందరూ పడుకున్నాక బయటికి తీసి లెక్కపెట్టేది. ఆవిడ దుప్పటి కిందనుంచి ఆ చప్పుడు వినేవారు. చెబుతూ చెబుతూ ఆగి, నవ్వారు. "నేను రోజూ పడుకునే ముందు ఫోన్‌లో బ్యాంక్ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకుంటాను. మారదని తెలుసు. అయినా చూస్తాను."

రేకు డబ్బా ఫోన్‌లోకి వచ్చింది. నేను ఇక ఏమీ జోడించలేదు, అక్కర్లేదు కూడా.

కుడివైపు ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్. కళ్లకి గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ పాతిన కత్తుల మధ్య ఒక స్త్రీ. ఈ రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడండి. కత్తుల మధ్య ఉన్నావిడ చేతులు కట్టేసి ఉన్నాయి, కాళ్లు మాత్రం కట్టలేదు. నాణేల మనిషి చేతుల్ని ఎవరూ కట్టలేదు, కాళ్లని అతనే నాణేల మీద నిలిపాడు. నా ఎదురుగా కూర్చున్నావిడ ముందు చూపించిందీ ఆ కాళ్లనే. అందుకే వదలమని నేను చెప్పలేదు. అడిగింది ఒక్కటే: "నాలుగింటిలో ఏ నాణెం కదిపితే మిగతా మూడూ చెదరవు?" బొమ్మ చూసి ఆవిడే చెప్పారు. పాదం ఎత్తితే నాణెం అక్కడే నేలమీద ఉంటుంది. తలా చేతులూ కదలక్కర్లేదు.

ఒక కాగితం ఇచ్చాను. దాచినదాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికి పేరు రాయమన్నాను. మొదటి మూడింటికీ "ముట్టకూడనిది" అనే రాశారు. నాలుగోదాని దగ్గర చాలాసేపు కలం ఆగింది. చివరికి అక్కడ ఒక చిన్న మొత్తం వేసి, పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. ఆ రోజుకి అంతే.

ఈ రీడింగులో ఎక్కడ జారిపడతామో కూడా చెప్పాలి. అన్నిటికంటే పెద్ద తప్పు, నిజంగా డబ్బు తక్కువైన మనిషిని భయపడే మనిషిగా చదవడం. సంపాదన ఊగిసలాడుతూ, అప్పు మీదపడుతూ ఉన్నవాళ్లకి గుప్పిట బిగించడమే సరైన పని. అలాంటప్పుడు ఈ కార్డు తిట్టడం లేదు, సరే పట్టుకో అంటోంది. తేడా తెలుసుకోవడానికి నేను ఒక్కటి అడుగుతాను: ఈరోజు సంపాదన ఆగితే ఎన్ని నెలలు గడుస్తుంది? రెండు నెలలు అన్నవాళ్లతో భయం గురించి మాట్లాడను. నాలుగేళ్లు గడుస్తుంది, అయినా పంటికి తీయలేను అన్నవాళ్ల దగ్గర అసలు పని మొదలవుతుంది. ఎంత ఉందో రూపాయితో సహా చెప్పి, దేనికోసం అని అడిగితే మాత్రం తడబడితే, అదీ ఒక గుర్తే.

పక్కన ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ పడితే ఇంకా నిదానంగా వెళ్లండి. మంచులో, వెలుగున్న కిటికీ పక్కనుంచి ఇద్దరు నడిచిపోయే కార్డు అది. వరసలో నాలుగు తర్వాత వచ్చేది ఐదు. నాలుగులో కూర్చున్న మనిషి కళ్ల ముందు ఆ ఐదే ఆడుతూ ఉంటుందని నేననుకుంటాను.

తలకిందులుగా పడితే ఏమిటి? బిగువు సడలుతోందని కొందరు, ఇంకా గట్టిగా పట్టుకుంటున్నారని కొందరు అంటారు. వెయిట్ రాసింది మాత్రం సందిగ్ధం, ఆలస్యం, ఎదురుచెప్పడం. నేను పక్క కార్డులని బట్టి నిర్ణయిస్తాను. అవీ తేల్చకపోతే, "ఈ మధ్య ఖర్చు చేశాక వెంటనే బాధపడ్డారా?" అని అడిగేస్తాను. ఊహించి చెప్పడం కంటే అడగడం నయం.

ఒక హద్దు కూడా ఉంది. ఎంత దాస్తే చాలు, దేంట్లో పెట్టాలి అని ఈ కార్డు చెప్పదు, మనమూ చెప్పకూడదు. ఆ మాటలకి లెక్కలు తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. డబ్బు ఉండీ మందులు మానేస్తున్నా, తిండి తగ్గించుకుంటున్నా, లెక్కపెట్టడం మానలేక నిద్రపోకపోతున్నా, కార్డులు పక్కన పెట్టి మానసిక వైద్యుణ్ణి కలవమని నేరుగా చెప్పండి. పన్ను నొప్పితో ఏడాదిన్నర నెట్టుకొచ్చినావిడకి కూడా నేను ఆ మాట అన్నాను.

రెండు నెలల తర్వాత ఆవిడ ఆ కాగితం తీసుకుని వచ్చారు. నాలుగో భాగం దగ్గర ఖాళీగా వదిలిన చోట "పళ్లకి" అని రాసుంది, దాని పక్కన రెండు తేదీలు. పంటి చికిత్స అయిపోయింది. "మిగతా మూడూ మాత్రం అలాగే గట్టిగా పట్టుకునే ఉన్నానండీ," అన్నారు. యాప్ చూడటం మానారా అని అడిగాను. లేదు, నిన్న రాత్రి కూడా చూశారట.