టచ్ పోయిన ఫోన్‌లోంచి ఫొటోలు, కాంటాక్టులు తీసుకోవడం ఎలా?

[బల్ల మీద అద్దం పగిలిన ఫోన్. వెలుగు ఉంది, వేలితో జరిపితే కదలదు.]

నమస్కారం. ఫోన్ కింద పడింది. డిస్‌ప్లే కనిపిస్తోంది, టచ్ మాత్రం పోయింది. పిన్ మీకు తెలుసు, కొట్టడానికే వీల్లేదు. ఇలాంటి ఆండ్రాయిడ్ ఫోన్ సంగతి ఈరోజు చూద్దాం.

దాన్ని స్విచ్ ఆఫ్ చేయకండి. ఆన్‌లో ఉన్నంతవరకు పక్క బటన్ మీది వేలిముద్రతో తెరుచుకునే అవకాశం ఉంది. రీస్టార్ట్ అయితే ముందు పిన్ కొట్టాల్సిందే.

[కంప్యూటర్ తెర: contacts.google.com]

తర్వాత కంప్యూటర్‌లో మీ జీమెయిల్‌తో ఈ పేజీ తెరవండి. చాలామంది కాంటాక్టులు ఇక్కడే ఉంటాయి. ఫొటోలు photos.google.comలో చూడండి, బ్యాకప్ ఆన్‌లో ఉంటేనే కనిపిస్తాయి. లాగిన్‌కు ఓటీపీ అడిగితే సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకోండి.

అక్కడ లేనివి ఫోన్‌లోంచే తీయాలి. దానికి టైప్-సి హబ్ ఒకటి, వైరున్న యూఎస్‌బీ మౌస్ ఒకటి, పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. ఫోన్‌కు మౌస్ లాంటివి తగిలించే చిన్న ఓటీజీ ముక్క కొంటే మౌస్ పెట్టాక పెన్‌డ్రైవ్‌కు చోటుండదు, అందుకే హబ్ అంటున్నాను. ఛార్జర్ కూడా గుచ్చుకునే హబ్ అయితే మరీ మంచిది.

[హబ్ గుచ్చగానే తెర మీద చిన్న బాణం గుర్తు.]

బాణం కనిపించిందా? మౌస్ ఎడమ బటన్ నొక్కి పట్టుకుని కింది నుంచి పైకి లాగండి. పిన్ అంకెలు వస్తాయి, ఒక్కొక్కటి క్లిక్ చేయండి. ప్యాటర్న్ అయితే బటన్ వదలకుండా చుక్కల మీదుగా గీయాలి. తొందరపడకండి, తప్పులు పెరిగితే ఫోన్ కాసేపు ఆగమంటుంది.

తెరుచుకున్నాక ఫైల్స్ యాప్‌లో DCIM ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. వాట్సాప్ ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, అవి మర్చిపోతుంటారు. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే .vcf ఫైలు వస్తుంది, దాన్నీ కాపీ చేయండి.

బాణం రాకపోతే? ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లు చాలావాటిలో ఓటీజీని సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. కొంతసేపు వాడకపోతే అది తనంతట తానే ఆఫ్ అవుతుంది. టచ్ లేకుండా ఆన్ చేయలేం కాబట్టి, డిస్‌ప్లే మార్పించడమే దారి. డిస్‌ప్లే పూర్తిగా నల్లబడినా చాలా ఫోన్లకు అంతే. హెచ్‌డీఎంఐ హబ్‌తో టీవీలో చూడొచ్చంటారు కానీ, గెలాక్సీ ఎస్ సిరీస్ లాంటి కొన్నిటికే ఆ సౌకర్యం ఉంది.

షాపులో ఇచ్చేటప్పుడు డిస్‌ప్లే మాత్రమే మార్చాలని, రీసెట్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ వేయొద్దని గట్టిగా చెప్పండి. డిస్‌ప్లే మార్చడానికి రీసెట్ అవసరం లేదు. చిప్ ఊడదీసి డేటా ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో లోపలి ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఉంటాయి, ఆ తాళం ఫోన్ లోపలి బోర్డుతో, మీ పిన్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు బతికుండి పిన్ మీ దగ్గరుంటేనే ఫొటోలు వస్తాయి.