మెరూన్ దాచింది, మీగడ రంగు బయటపెట్టింది: ఇరేజర్, లేయర్ మాస్క్

నమస్కారం. తెరపై ఉన్న ఈ పెళ్ళికూతురి ఫొటోను ఒకసారి జాగ్రత్తగా చూడండి. వెనుక ముదురు మెరూన్ రంగు, జడలో మల్లెపూలు, చెవికి బుట్టకమ్మ. అసలు ఫొటోలో వెనుక ఒక చీకటి గోడ ఉండేది. ఫొటోషాప్‌లో ఆ గోడను తీసేసి ఈ రంగు పెట్టాను. పని శుభ్రంగానే ఉన్నట్టుంది కదా?

ఇప్పుడు మెరూన్ తీసి మీగడ రంగు పెడుతున్నాను. చూశారా? బుట్టకమ్మ కింద నీడవైపు వేలాడే మువ్వలు సగం లేవు. మెడ పక్కన మసి అంటినట్టు ఒక మరక ఉంది. ఈ రెండూ ఇప్పుడు పుట్టిన తప్పులు కావు. మొదటి రోజునుంచీ ఉన్నాయి. నీడలో ఉన్న మువ్వలు పోయినా, గోడ తాలూకు నలుపు కొంత మిగిలినా, ముదురు మెరూన్ మీద కంటికి ఆనలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక పెళ్ళి ఆల్బమ్‌లో నేను అచ్చంగా ఇదే పొరపాటు చేశాను. వారం తరవాత ఆ ఇంటివాళ్ళు శుభలేఖ రంగుకు కలిసేలా పేజీ మార్చమన్నారు. మార్చి చూపిస్తే, పెళ్ళికూతురి అమ్మమ్మగారు అందరికంటే ముందు పట్టేశారు: “మువ్వలు ఎటు పోయాయి నాయనా?” నేను వాటిని ఇరేజర్‌తో తుడిచేశాను. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫొటో నా దగ్గర ఉంది కాబట్టి బయటపడ్డాను. కానీ జుట్టు చుట్టూ చేసిన పనంతా మళ్ళీ మొదటినుంచి చేయవలసి వచ్చింది.

“వెనక్కి వెళ్ళే వీలుంది కదా, Ctrl+Z ఉంది కదా” అంటారేమో. ఇప్పటి ఫొటోషాప్‌లో ముందుగా పెట్టి ఉండే హద్దు 50 అడుగులు. బ్రష్‌తో గీసే ప్రతి గీతా ఒక అడుగే. జుట్టు అంచున తుడుస్తూ పోతే అవి నిమిషాల్లో అయిపోతాయి. పైగా ఫైలు మూసి తెరిస్తే ఆ చరిత్ర మొత్తం ఖాళీ. మన తప్పేమో రంగు మారేదాకా బయటపడదు. అది ఎప్పుడూ ఫైలు మూసిన తరవాతే జరుగుతుంది.

ఇప్పుడు మాస్క్ పద్ధతి చూద్దాం. ఫొటో లేయర్‌ను ఎంచుకుని, లేయర్స్ ప్యానెల్ అడుగున ఉన్న Add layer mask గుర్తు నొక్కుతున్నాను. నలుచదరపు పెట్టె మధ్యలో చిన్న గుండ్రం ఉన్న గుర్తు అది. ఫొటో బొమ్మ పక్కన ఒక తెల్లటి బొమ్మ వచ్చింది. అదే మాస్క్. అది నలుపు తెలుపుల్లో ఉండే మరో చిత్రం, అంతే. అందులో తెలుపున్న చోట ఫొటో కనిపిస్తుంది, నలుపున్న చోట దాగుతుంది, బూడిద రంగున్న చోట ఆ రంగు పాళ్ళను బట్టి పలచగా కనిపిస్తుంది. మామూలు 8 బిట్ ఫైల్లో నలుపు విలువ 0, తెలుపు విలువ 255. మీరు 128 పూస్తే దాదాపు సగం కనిపిస్తుంది.

ఇరేజర్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఇరేజర్ ఫొటోలోని పిక్సెళ్ళనే తీసేస్తుంది. మాస్క్ వాటి జోలికి పోదు. ఏ పిక్సెల్‌ను ఎంత చూపించాలన్న లెక్కను వేరేచోట రాసుకుంటుంది. ఆ లెక్క తప్పితే దిద్దుకోవచ్చు, ఎందుకంటే మువ్వ ఇంకా అక్కడే ఉంది.

చేసి చూపిస్తాను. ఇది అదే ఫొటో, కాకపోతే గోడను మాస్క్ మీద నల్లరంగు పూసి దాచాను. కావాలనే మువ్వల మీద కూడా పూశాను. ఫైలు సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచాను. వెనుక మీగడ రంగు పెట్టాను, మువ్వలు మాయం. ఇప్పుడు మాస్క్ బొమ్మను నొక్కుతాను, B నొక్కి బ్రష్ తీసుకుంటాను, D నొక్కితే రంగులు తెలుపు, నలుపుగా మారతాయి. మువ్వకు అంచు స్పష్టంగా ఉంటుంది కాబట్టి బ్రష్ చిన్నది, Hardness 80 శాతం. తెలుపు పూస్తున్నాను. ఒక మువ్వ వచ్చింది, రెండోదీ వచ్చింది. చెయ్యి కొంచెం జారి గోడ ముక్క కూడా వచ్చింది. ఫరవాలేదు, X నొక్కితే నలుపు వస్తుంది, ఆ ముక్కను మళ్ళీ దాచేస్తాను. ఇలా ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లయినా వెళ్ళవచ్చు.

ఇక్కడ అందరూ ఒకసారైనా చేసే పొరపాటు ఒకటుంది. పూస్తుంటే మువ్వ రావడానికి బదులు ఫొటో మీద నల్లటి గీతో తెల్లటి గీతో పడితే, మీరు మాస్క్ మీద లేరు, ఫొటో మీదే ఉన్నారు. ప్యానెల్లో ఏ బొమ్మ చుట్టూ అంచు గీత ఉందో చూడండి, రంగు అక్కడే పడుతుంది. వెంటనే Ctrl+Z కొట్టి, మాస్క్ బొమ్మను నొక్కి మొదలుపెట్టండి. అది గమనించకుండా ఫైలు మూస్తే మాస్క్ ఉన్నా మిమ్మల్ని కాపాడలేదు.

ఇక మెడ పక్కన మరక. Alt పట్టుకుని మాస్క్ బొమ్మను నొక్కండి. మాక్ వాడేవాళ్ళు Option పట్టుకోండి. తెర మీద ఇప్పుడు ఫొటో లేదు, మాస్క్ మాత్రమే ఉంది. ఇక్కడ నలుపు మధ్యలో పలచని బూడిద మచ్చలు కనిపిస్తున్నాయి చూడండి. మెత్తని బ్రష్‌ను తక్కువ Flowతో తిప్పడంవల్ల కొన్నిచోట్ల నలుపు పూర్తిగా పడలేదు. 0 రావలసిన చోట 15, 20 మిగిలాయి. ఆ కాస్త గోడే మీగడ రంగు మీద మసిలా తేలింది.

ఆ మచ్చల చుట్టూ లాసోతో గీసి, Ctrl+L నొక్కితే లెవెల్స్ వస్తుంది. ఎడమవైపు ఉన్న నల్ల పిడిని 25 దాకా జరిపితే, అంతకంటే తక్కువ ఉన్నదంతా పూర్తి నలుపవుతుంది. మరక పోయింది. మాస్క్ మొత్తానికీ ఈ పని చేయకండి. జుట్టు కొసల్లోనూ ఇలాంటి బూడిద రంగే ఉంటుంది, అది అక్కడ ఉండవలసిందే. అది నలుపైతే ముంగురులు కత్తెరతో కోసినట్టు కనిపిస్తాయి. అలా జరిగినా తెలుపు పూసి తెచ్చుకోవచ్చు, కానీ వెంట్రుక వెంట్రుకా గీస్తూ కూర్చోవాలి.

మాస్క్ భద్రంగా ఉంచేది లేయర్‌లో ఏది కనిపించాలన్న నిర్ణయాన్నే. మీరు ఫొటో లేయర్ మీదే నేరుగా క్లోన్ స్టాంప్‌తో మచ్చ తీస్తే ఆ మార్పు శాశ్వతమే. అలాంటి పని పైన ఖాళీ లేయర్ వేసి అందులో చేసుకోండి. ఇరేజర్ పనికిరానిదని కూడా అనను. ఖాళీ లేయర్‌లో మీరే గీసుకున్న చిత్తు గీతను తుడవడానికి మాస్క్ పెట్టడం చాదస్తం.

చివరగా, మాస్క్ బొమ్మను పొరపాటున చెత్తబుట్ట గుర్తు మీదకు లాగితే ఒక ప్రశ్న వస్తుంది. Delete అంటే మాస్క్ పోతుంది, ఫొటో మొత్తం తిరిగి కనిపిస్తుంది. Apply అంటే దాగిన పిక్సెళ్ళు నిజంగానే పోతాయి, అంటే ఇరేజర్ వాడినట్టే. సందేహం ఉంటే Cancel నొక్కండి. అచ్చుకు JPEG పంపండి, కానీ అందులో లేయర్లు, మాస్కులు ఉండవు కాబట్టి అవన్నీ ఉండే PSD ఫైలును విడిగా దాచండి. మీగడ రంగు వద్దు, ఆకుపచ్చ కావాలని ఆ ఇంటి నుంచి మళ్ళీ ఫోను వస్తే తెరవవలసింది ఆ PSDనే.