రెండున్నర గంటల్లో బావి ఖాళీ అవుతుందా? 3 హెచ్‌పీ ఓపెన్‌వెల్ మోటారు రివ్యూ

నమస్కారం. ఇవాళ్టి రివ్యూ ఈ 3 హెచ్‌పీ ఓపెన్‌వెల్ మోటారుది. నీళ్లలో మునిగి పనిచేసే రకం. కంపెనీ పేరు చెప్పను, చూపించను. ఎందుకంటే నేను పట్టుకున్న తేడాలో సగం కంపెనీది కాదు, నా లెక్కది.

ఇదిగో ఇదే బావి. మోటారు మీదున్న ప్లేటు చదివి, ఇది రెండున్నర గంటల్లో తోడేస్తుందని లెక్కేశాను. పట్టింది 4 గంటల 12 నిమిషాలు. మిగతా గంటా నలభై రెండు నిమిషాలు ఎక్కడికి పోయాయో చూద్దాం.

ముందు బావిలో నీళ్లెన్నో తేలాలి. గుండ్రటి బావి కాబట్టి సూత్రం మనం బళ్లో చదువుకున్నదే:

V = π × d² × h ÷ 4

ఇక్కడ d అంటే వ్యాసం, అదీ లోపలి వ్యాసం. గట్టు బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పట్టొద్దు. ఈ బావి లోపల 6 మీటర్లు, గట్టు మందంతో కలిపి 6.6 మీటర్లు. తేడా 60 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వ్యాసాన్ని వ్యాసంతోనే గుణిస్తాం కాబట్టి నీళ్ల లెక్క 21 శాతం పెరిగిపోతుంది. ఇంకో మాట, బావులు అచ్చుపోసినట్టు గుండ్రంగా ఉండవు. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కొలిచి సగటు తీసుకోండి.

నీటి లోతు కోసం తాడుకు రాయి కట్టి వదిలాను. తడిసినంత మేర 4 మీటర్లు. బరువైన రాయి కట్టకండి, పూడికలోకి దిగబడిపోతుంది. అప్పుడు బురదను కూడా నీళ్లలో కలిపి కొలిచినట్టే.

ఈ 4 మీటర్లూ తోడలేం. మోటారు మునిగి ఉండాలి, లేకపోతే గాలి పీల్చుకుంటుంది, వేడెక్కుతుంది. అడుగున అర మీటరు వదిలేశాను. మిగిలింది 3.5 మీటర్లు. లెక్క కడితే దాదాపు 99 ఘనపు మీటర్లు, అంటే 99,000 లీటర్లు. ఒక్క సెంటీమీటరు మట్టానికి 283 లీటర్లు. ఈ 283 గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది. మీరు అడుగుల్లో కొలిచేవాళ్లయితే వ్యాసం × వ్యాసం × లోతు × 22.24, నేరుగా లీటర్లు వచ్చేస్తాయి.

ఇప్పుడు మోటారు ప్లేటు. దగ్గరగా చూపిస్తున్నాను. హెడ్ 8 నుంచి 20 మీటర్లు, డిశ్చార్జ్ సెకనుకు 11 నుంచి 5 లీటర్లు. నేనేం చేశానంటే, పెద్ద అంకె పట్టుకున్నాను. 99,000ని 11తో భాగిస్తే 9,000 సెకన్లు. సరిగ్గా రెండున్నర గంటలు. ఎంత ముద్దుగా వచ్చిందో చూడండి! అక్కడే దెబ్బతిన్నాను.

ఆ 11 లీటర్లు వచ్చేది 8 మీటర్ల హెడ్ దగ్గర మాత్రమే. హెడ్ అంటే నీటి మట్టం నుంచి పైపు మూతి దాకా ఉన్న ఎత్తు, దానికి తోడు పైపులోనూ వంపుల్లోనూ రాపిడి వల్ల పోయేది. ఇక్కడ మొదట్లో ఎత్తు 6 మీటర్లు. రాపిడికి ఇంకో 3 మీటర్లు వేసుకున్నా మొత్తం 9. అంటే స్విచ్ వేసిన క్షణానికే 11 లేదు. పైగా నీళ్లు దిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. చివరికి ఆ ఎత్తే తొమ్మిదిన్నర మీటర్లు అయింది, రాపిడితో కలిపి పన్నెండున్నర.

అందుకే ప్లేటును పక్కనపెట్టి డ్రమ్ము తెచ్చాను. 200 లీటర్ల డ్రమ్ము మొదట్లో 20 సెకన్లలో నిండింది, అంటే సెకనుకు 10 లీటర్లు. చివర్లో 25 సెకన్లు, అంటే 8 లీటర్లు. డ్రమ్ము ఒక్కసారి పట్టి ఊరుకోవద్దు. స్టాప్‌వాచ్ ఒక్క సెకను అటూ ఇటూ అయినా లెక్క 5 శాతం మారుతుంది. నేను మూడేసి సార్లు పట్టాను. నీళ్లు చిందితే ఆ కొలత వదిలేయాల్సిందే. నా చెప్పులు తడిసిపోయాయి, అది వేరే సంగతి.

సగటున 9 లీటర్లు అనుకుంటే 11,000 సెకన్లు, మూడు గంటల మీద మూడు నిమిషాలు. ఇంకా గంటా తొమ్మిది నిమిషాలు లెక్కకు రాలేదు.

అది ఊట. నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఊట కనపడదు, ఎందుకంటే బావిలో మట్టమూ చుట్టూ నేలలో మట్టమూ సమానం. మనం తోడి మట్టం దించేకొద్దీ చుట్టూ ఉన్న నీళ్లు లోపలికి దూసుకొస్తాయి. ఎంత లోతుకు దించితే అంత ఎక్కువ. దీన్ని కొలవడానికి ప్రత్యేకంగా పరికరం ఏదీ అక్కర్లేదు. తోడడం అయిపోగానే మోటారు ఆపి, గోడ మీద సుద్దతో గీత పెట్టి, 10 నిమిషాలు ఆగాను. నీళ్లు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు పైకొచ్చాయి. ఆ 283తో గుణించండి, 2,400 లీటర్లు. 600 సెకన్లతో భాగించండి. సెకనుకు 4 లీటర్లు!

అంటే చివర్లో మోటారు 8 లీటర్లు బయటికి పోస్తుంటే, బావి 4 లీటర్లు తిరిగి తెచ్చుకుంటోంది. నిజంగా తగ్గేది 4 లీటర్లే. మొదట్లో అయితే పదికి పదీ తగ్గాయి. అందుకే మొదటి అర మీటరు 25 నిమిషాల్లో దిగింది, చివరి అర మీటరుకు 53 నిమిషాలు పట్టింది. మోటారు పాడైందేమో అని నాకు టెన్షన్ మొదలైంది కూడా అప్పుడే. డ్రమ్ము పట్టి చూస్తే మోటారుకు ఏమీ కాలేదని తెలిసింది.

ఇక్కడ సగటు కూడా మోసం చేస్తుంది. తోడేది సగటున 9, ఊట సున్నా నుంచి 4 కాబట్టి సగటున 2, పోగా 7 అని భాగిస్తే 3 గంటల 56 నిమిషాలు వస్తుంది. ఇంకా 16 నిమిషాలు తక్కువే. నెమ్మదిగా దిగే చివరి భాగం ఎక్కువసేపు సాగుతుంది కదా, దాని బరువు సగటులోకి రాదు. నేను 3.5 మీటర్లను అర మీటరు చొప్పున ఏడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు విడిగా భాగించి కలిపాను. 4 గంటల 11 నిమిషాలు. గడియారంతో ఒక్క నిమిషం తేడా.

ఒకవేళ వానలకు ఊట సెకనుకు 8 లీటర్లకు చేరితే? అప్పుడు ఈ మోటారు రాత్రంతా తిరిగినా మట్టం ఒకచోట ఆగిపోతుంది. బావి ఖాళీ కాదు, కరెంటు ఖర్చవుతుంది. అరగంటకోసారి గోడ మీద గీత పెట్టుకుంటూ పోండి. రెండు గీతలు కలిసిపోయాయంటే ఊట మోటారును అందుకున్నట్టే, ఆపేయండి.

ఇక మోటారు మీద నా తీర్పు. ప్లేటు మీదున్న రెండు చివర్ల మధ్య గీత గీస్తే మొదట్లో పదిన్నర, చివర్లో 8.75 రావాలి. వచ్చినవి 10, 8. నా రాపిడి లెక్క కూడా అంచనాయే కాబట్టి దీన్ని పెద్ద తప్పుగా చూడను. శబ్దం తక్కువ, నాలుగు గంటలూ ఆగకుండా తిరిగింది. నాకు నచ్చనిది ఒక్కటే. పెట్టెలో ఇచ్చిన కాగితంలో ఏ హెడ్‌కు ఎన్ని లీటర్లో చెప్పే పట్టిక లేదు. అది ఉంటే డ్రమ్ము మోసే పని తప్పేది. 5కు మూడున్నర ఇస్తాను.